రంగు నిలవాలంటే సోడా కాదు, సలసల కాగే నీళ్లు

పచ్చి బఠాణీ, బీన్స్, స్వీట్ కార్న్ ఇంట్లో ఎలా దాచుకోవాలో వీడియోలో చూపించాం. చేతుల పని అందులో కనిపిస్తుంది. ఆ పని ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

మన ప్రకృతి వ్యవసాయ రైతుల్లో ఒక మాట గట్టిగా ఉంది. కూరగాయని వేడినీళ్లలో ముంచితే సత్తువ పోతుంది, పచ్చిదే ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది అని. నేను దీనికి ఒప్పుకోను. నీళ్లలో కొంత విటమిన్ సి పోయేమాట నిజమే. కానీ ముంచకుండా పెడితే అంతకంటే ఎక్కువే పోతుంది.

కారణం ఏంటంటే, కాయ కోసినా అందులో ఎంజైములు పని ఆపవు. చలికి వాటి పని నెమ్మదిస్తుంది, అంతేగానీ ఆగదు. పచ్చిగా పెట్టిన బీన్స్ నెలా రెండు నెలల్లో రంగు మాసిపోయి ఎండుగడ్డి వాసన కొడతాయి. ఆ ఎంజైముల పని కట్టించేది మరిగే నీళ్లే. దీన్నే బ్లాంచింగ్ అంటారు. ఇది ఉడకబెట్టడం కాదు, లెక్క ప్రకారం ముంచి తీయడం.

లెక్క ఇదీ. అరకిలో కాయకి నాలుగు లీటర్ల నీళ్లు సలసలా కాగాలి. కాయ వేశాక నిమిషంలోపు నీళ్లు మళ్లీ తెర్లాలి. తెర్లకపోతే కాయ ఎక్కువైందన్నట్టే, తగ్గించి వేయండి. మళ్లీ తెర్లు వచ్చినప్పటి నుంచి టైము చూసుకోవాలి. ఒలిచిన బఠాణీకి నిమిషంన్నర, అంగుళం ముక్కలు కోసిన బీన్స్‌కి మూడు నిమిషాలు. టైము తగ్గిస్తే అసలు ముంచకపోవడం కన్నా నష్టం, ఎందుకంటే గోరువెచ్చని వేడికి ఎంజైములు ఇంకా హుషారవుతాయి. ఎక్కువైతే కాయ మెత్తబడుతుంది.

తీసిన వెంటనే ఐసు నీళ్లలో వేయాలి. ఎంతసేపు ముంచామో కనీసం అంతసేపు చల్లారాలి. మన ఎండలకి కుళాయి నీళ్లే వెచ్చగా ఉంటాయి, వాటితో పని జరగదు. ముందురోజే స్టీలు గిన్నెల్లో ఐసు గడ్డలు కట్టి ఉంచుకోండి. అరకిలో కాయకి అరకిలో ఐసైనా కావాలి.

ఇక సోడా సంగతి. ఆకుపచ్చ నిలుస్తుందని కొందరు వంటసోడా వేస్తారు. రంగు నిలిచేది నిజమే, కానీ కాయ పేస్టులా మెత్తబడుతుంది, విటమిన్ సి కూడా దెబ్బతింటుంది. మందు కొట్టకుండా పండించి చివర్లో సోడాతో రంగు తేవడంలో అర్థం లేదు.

స్వీట్ కార్న్ విషయంలో అసలు పందెం పొలంలోనే మొదలవుతుంది. కంకి విరిచిన క్షణం నుంచి తీపి పిండిగా మారుతూ ఉంటుంది. ఎండ వేడికి ఇంకా త్వరగా మారుతుంది. ముప్పై డిగ్రీల వేడిలో మామూలు రకాలు ఒక్క రోజులోనే సగం దాకా తీపి పోగొట్టుకుంటాయి. పల్నాడులో మన ఈపూరు లాంటి చోట ముప్పై అంటే చల్లని రోజే. అందుకే తెల్లవారుజామున విరిచి, మధ్యాహ్నంలోపు నీళ్లలో పడేయాలని నా మాట. సంచిలో కుప్పపోసి సాయంత్రం దాకా ఉంచితే ఏ ఫ్రీజరూ ఆ తీపిని తిరిగి తేలేదు. గింజ గిల్లితే పాలు రావాలి. పాలు చిక్కబడి పిండిలా వస్తే ముదిరిందని గుర్తు.

ఒక దఫా ఇలా చేయండి. పొట్టు, పీచు తీసిన రెండు మధ్యరకం కంకుల్ని నాలుగు లీటర్ల మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచండి. తర్వాత ఐసు నీళ్లలో వేసి, మధ్య బెండు కూడా చల్లబడ్డాకే గింజ కోయండి. పైన చల్లగా అనిపించినా లోపల వేడి ఉండిపోతుంది, అదే గింజని మెత్తగా చేస్తుంది. కంకిని చివరిదాకా గీరొద్దు, బెండు రుచి తగులుతుంది.

ఏదైనా సరే, గుడ్డ మీద తడి ఆరబెట్టి, పళ్లెంలో ఒక్క పొరగా గడ్డకట్టించి, తర్వాత కవర్లో గాలి తీసి కట్టండి. ఇంటి ఫ్రిజ్‌లో ఒకేసారి కిలోకి మించి పెట్టొద్దు, నెమ్మదిగా గడ్డకడితే పెద్ద ఐసు ముక్కలు కట్టి కాయని చీలుస్తాయి. మైనస్ పద్దెనిమిది డిగ్రీల్లో ఎనిమిది నెలలైనా ఉంటాయి.

కరెంటు మాత్రం గుర్తుంచుకోండి. గ్లాసు నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి లోపల ఉంచండి. బిళ్ల కిందికి దిగితే మీరు లేనప్పుడు ఐసు కరిగి మళ్లీ కట్టినట్టే, ఆ కవర్లు తినొద్దు. రోజూ గంటల తరబడి కోతలుండే ఇంట్లో నెలకి సరిపడానే పెట్టుకోండి. మిగతా పంట పచ్చిగా ఉన్నప్పుడే అమ్మేయడం మేలని నా అభిప్రాయం.