గోడకు "మన హాలు" తెలియదు

పోయిన ఏడు తెలుగు భాషా దినోత్సవానికి ఫ్లయర్ చేసింది నేనే. ఇంట్లో చూపిస్తే నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఎవరి పెళ్లే ఇది?" అంది. పైన పెద్ద అక్షరాల్లో "సాదర ఆహ్వానం" అని ఉంది మరి. అమ్మ తమిళంలో, నాయనమ్మ తెలుగులో, ఇద్దరూ బాగా ఏడిపించారు. పోటీ రోజు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. కవిత కంఠతా పట్టిన హిస్టరీ అమ్మాయిలు ఇద్దరు వేరే హాలుకి వెళ్లి, ఖాళీ కుర్చీలు చూసి తిరిగిపోయారు.

తప్పు నాదే. గ్రూపులో వచ్చిన మెసేజ్‌ని ఉన్నదున్నట్టు అతికించాను: "వచ్చే శుక్రవారం రెండింటికి మన హాల్లో కవితా పఠన పోటీ. పేర్లు నాకు పంపండి."

గ్రూపులో ఇది చాలు. మెసేజ్ ఏ రోజు వచ్చిందో, పంపిందెవరో ఫోనే చూపిస్తుంది. గోడ మీద కాగితానికి ఆ వివరాలు ఉండవు. "వచ్చే శుక్రవారం" ఏది? "మన" అంటే ఎవరి హాలు? "నాకు" అంటే ఎవరికి? అందుకే ముందు ఈ మూడు మాటలు మార్చాలి. తేదీ, వారం, సమయం: "ఆగస్టు 29, శుక్రవారం, మధ్యాహ్నం 2 గంటలకు". చోటు: "సెమినార్ హాలు, పాత భవనం, రెండో అంతస్తు". చివర పేర్లు తీసుకునే అమ్మాయి పేరు, క్లాసు, నంబరు, గడువు.

ఆ తర్వాతే అక్షరాల సైజు. ఏ4 కాగితం మీద "కవితా పఠన పోటీ" 60 పాయింట్లు, తేదీ 36, చోటు 28, ఫోను నంబరు 20 పెట్టి చూశాను. చక్కగా కుదిరింది. అన్నీ బోల్డ్ చేస్తే ఏదీ ముందుకు రాదు. పైగా చిన్న సైజులో మన గుండ్రటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. వరుసల మధ్య జాగా ఇంగ్లీషుకన్నా ఎక్కువ వదలాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

"అతిథి పేరు కింద వేస్తే మర్యాదా?" అని మీరు అడగొచ్చు. పేరు తీసేయమనడం లేదు, చోటు తర్వాత వేద్దామంటున్నాను. హాలు నిండితేనే కదా అతిథికి మర్యాద!

అతికించే ముందు ఆరడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి అక్కణ్ణుంచే కనబడాలి. ఫోను నంబరుకి దగ్గరికొచ్చినా పరవాలేదు, రావాలనుకున్నవాళ్లే కదా అది రాసుకునేది. ఈసారి నాది ముందు నాయనమ్మకే చూపిస్తాను. పెళ్లి అనకుండా "పోటీ ఎన్నింటికే?" అని కూడా అడగకపోతే, అప్పుడు గోడకెక్కిస్తాను.