కదా, గద, అల్వా

రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి ప్రాంతంలో పేరు చివర 'క్యాంపు' అని ఉండే ఊళ్లు చాలా కనిపిస్తాయి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారాక కోస్తా జిల్లాల రైతులు వచ్చి నిలబెట్టుకున్న ఊళ్లవి. జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోదే కనుక, అంతకు ముందు నుంచీ ఇక్కడున్న తెలుగుకు గద్వాల వైపు యాస దగ్గర. అందుకే ఒకే వరిగట్టు మీద "రేపు నాట్లకు వస్తారు కదండీ?" అనీ, "రేపు వస్తరు గద?" అనీ, కన్నడంలో "నాళె బర్తీరి అల్వా?" అనీ వినబడతాయి. అడిగేవారికి సంగతి దాదాపు తెలుసు, ఎదుటివారు ఊఁ అంటే చాలు.

మన 'కదా' పుట్టింది 'కాదా' నుంచి. కన్నడం 'అల్వా' కూడా 'అల్ల'కు ప్రశ్న చేరి వచ్చిందే. రెండు భాషలూ 'లేదు'ను, 'ఇల్ల'ను పక్కనబెట్టి 'కాదు'నే ఎంచుకున్నాయి. 'లేదు' ఉనికిని తోసిపుచ్చుతుంది. చెప్పిన మాట మొత్తాన్ని పట్టుకుని "ఇది నిజం కాదా" అని అడగడం 'కాదు'కే సాధ్యం. ఇంగ్లీషులో క్రియను బట్టి ఈజింట్ ఇట్, డోంట్ యూ, హావెంట్ దే అని తోక మారుతూ పోతుంటే మనకు ఒక్క 'కదా' సరిపోవడానికి కారణం ఇదే.

పుట్టిల్లు ఒకటే అయినా 'కదా'కూ 'కాదా'కూ పని వేరు. "అతను మీ అన్న కదా?" అంటే అన్నే అనుకుంటున్నాను, ఔనను అని. "అతను మీ అన్న కాదా?" అంటే ఇంతదాకా అన్నే అనుకున్నాను, ఇప్పుడు అనుమానం వచ్చింది అని. తేడా అంతా ఒక్క దీర్ఘంలో ఉంది.

'కదా' వాక్యం చివరే ఉండాలని లేదు. "నిన్న కదా కోత మొదలుపెట్టారు?" అంటే సందేహం కోత మీద కాదు, రోజు మీద. అయితే 'ఎప్పుడు', 'ఎవరు' లాంటి ప్రశ్నల పక్కన అది నిలవదు. "ఎప్పుడు వస్తారు కదా?" అని ఎవరూ అడగరు. తెలియని దాన్ని అడిగేచోట సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు.

చిక్కు వచ్చేది జవాబు దగ్గర. "రేపు కూలీలు రావడం లేదు కదా?" అంటే మనం "అవును" అంటాం, అంటే రావడం లేదని. మన అవును వాక్యంతో ఏకీభవిస్తుంది. ఇంగ్లీషులో అదే సంగతికి "నో" అనాలి. బడిలో ఇంగ్లీషు తోకలు కంఠస్థం చేసిన పిల్లవాడు కూడా ఇక్కడ "యెస్" అని ఊరుకుంటాడు, విన్నవాడు కూలీలు వస్తున్నారనుకుంటాడు. వట్టి యెస్ అన్నాడో, "నో, దే ఆరింట్" అన్నాడో చూస్తే పిల్లవాడికి అర్థమైందో లేదో పట్టుకోవచ్చు. వ్యాకరణ పాఠాల్లో తోకల పట్టికకు ఇచ్చే చోటులో సగమైనా ఈ జవాబుకు ఇవ్వాలి, అదీ పిల్లలు ఇంట్లో అనే 'కదా', 'గద', 'అల్వా'లతోనే మొదలుపెట్టి.