ముఖం మసకబారినా ఫర్వాలేదు, మాట తెగకూడదు

రెండేళ్ల కిందట ఒక క్యాంపస్ ఎంపికలో ఆన్‌లైన్ ప్యానెల్‌లో కూర్చున్నాను. ఒక అబ్బాయికి కమ్యూనికేషన్ గడిలో పదికి నాలుగు వేశాను. ఏం అడిగినా రెండు మూడు సెకన్లు మౌనం, తర్వాత ముక్కలు ముక్కలుగా జవాబు. మేం ఇంకో ప్రశ్న మొదలుపెట్టేసరికి తనూ మాట్లాడటం. తడబడుతున్నాడు, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినట్లేదు అనుకున్నాం. ఫలితాలొచ్చాక అతను మర్యాదగా ఒక మెయిల్ రాశాడు. ‘సార్, మీ ప్రశ్నలన్నీ నాకు స్పష్టంగా వినిపించాయి, అన్నిటికీ వెంటనే జవాబు చెప్పాను. ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్తారా?’ అని.

ఆ మెయిల్ నన్ను చాలా రోజులు వెంటాడింది. మా మాట అతనికి బాగానే చేరింది. అతని మాటే మాకు ఆలస్యంగా, తెగిపోతూ వచ్చింది. ఆ సంగతి అతనికి తెలిసే దారే లేదు. నేను నాలుగు మార్కులు వేసింది అతని మాటతీరుకి కాదు, అతని అప్‌లోడ్‌కి.

అప్పటి నుంచి జూనియర్లకి మాక్ ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఒకటే మాట చెప్తున్నాను. నెట్ బలహీనంగా ఉంటే, కాల్ మొదలవకముందే మీ వీడియో నాణ్యతని మీరే తగ్గించుకోండి. చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. ఇంటర్వ్యూ కదా, బాగా కనిపించాలని హెచ్‌డీ పెడతారు. వెనక మంచం, బట్టల దండెం కనిపించకూడదని బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ పెడతారు. ముఖానికి మెరుగులు దిద్దే ఎఫెక్ట్ కూడా పెడతారు. మాటకి మిగిలేది ఏముంటుంది?

లెక్క చూద్దాం. జూమ్ సంస్థ స్వయంగా చెప్పే అంకెల ప్రకారం మాటకి ఒక్కదానికి కావాల్సింది 60 నుంచి 80 కేబీపీఎస్. ఇద్దరి మధ్య మామూలు వీడియోకి దాదాపు 600. అదే 720పీ హెచ్‌డీ అయితే 1.2 ఎంబీపీఎస్, అంటే మాటకి కావాల్సినదానికి కనీసం పదిహేను రెట్లు. నెట్ ప్యాక్ గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఎప్పుడూ డౌన్‌లోడ్ స్పీడే చెప్పుకుంటాం. రీల్స్‌కి, సినిమాలకి అదే చాలు. ఇంటర్వ్యూలో మీ ముఖం, మీ గొంతు వెళ్లేది అప్‌లోడ్ దారిలో. మొబైల్ నెట్‌లో అది సాధారణంగా డౌన్‌లోడ్ కంటే బాగా ఇరుకుగా ఉంటుంది.

‘యాప్ తనంతట తానే క్వాలిటీ తగ్గించుకుంటుంది కదా సార్’ అంటారు. నిజమే, తగ్గించుకుంటుంది. కానీ నెట్ పడిపోయిందని దానికి తెలిసేసరికి కొంత సమయం గడిచిపోతుంది. ఆ లోపు పంపాల్సిన వీడియో అంతా మీ ఫోన్ దగ్గర వరసకట్టి నిలబడుతుంది. మీ మాట కూడా దాని వెనకే నిలబడాలి. ఒంటి వంతెన మీద లారీల వెనక సైకిల్ ఇరుక్కున్నట్టు అన్నమాట. పైగా నెట్ కాస్త కుదుటపడగానే యాప్ మళ్లీ క్వాలిటీ పెంచి చూస్తుంది, మళ్లీ ఇరుక్కుంటుంది. మీరే ముందుగా 360పీ దగ్గర కట్టడి చేస్తే ఆ ఎక్కడం దిగడం చాలావరకు తప్పుతుంది. ప్యానెల్ వాళ్ల తెరమీద మీరు కనిపించేది ఒక చిన్న పెట్టెలో. ఆ సైజులో 360పీకి, 720పీకి తేడా గమనించేవాళ్లు అరుదు. నేనైతే ఎప్పుడూ గమనించలేదు.

మొన్నీమధ్య ఉట్నూరు దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి గూగుల్ మీట్‌లో మాక్ ఇంటర్వ్యూకి వచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. మొదటి ప్రశ్నకే గొంతు రోబోలా అయిపోయింది. ‘నెట్ బాగానే ఉంది సార్, 14 వస్తోంది’ అంది. fast.com తెరిచి, Show more info నొక్కమన్నాను. అప్‌లోడ్ 0.9 ఉంది. దాని పక్కనే లేటెన్సీ రెండు రకాలుగా చూపిస్తుంది. లైన్ ఖాళీగా ఉన్నప్పటిది unloaded, లైన్ నిండినప్పటిది loaded. మొదటిది 50 మిల్లీసెకన్లు, రెండోది 700 దాటింది. రెండింటికీ ఇంత తేడా ఉందంటే, లైన్ నిండితే చాలు మాట వరసలో ఇరుక్కుంటుందని అర్థం. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఆ మౌనం పుట్టేది ఇక్కడే.

మీట్‌లో మూడు చుక్కలు నొక్కి, Settings లో Video కి వెళ్తే Send resolution ఉంటుంది. దాన్ని Standard definition కి, అంటే 360పీకి మార్పించాను. దాని కిందే Receive resolution ఉంటుంది. అది తగ్గించొద్దన్నాను. తన డౌన్‌లోడ్ బాగానే ఉంది కాబట్టి అక్కడ ఆదా చేసినా తన గొంతుకి ఒరిగేదేమీ లేదు. టీమ్స్‌లో Turn off incoming video నొక్కి ‘అయినా బాగుపడలేదేంటి’ అనుకునేవాళ్లు చేసే పొరపాటు ఇదే. అది వచ్చే వీడియోని ఆపుతుంది, మీ నుంచి వెళ్లేదాన్ని కాదు. జూమ్‌లో అయితే Settings, Video లో HD దగ్గర టిక్ తీసేయాలి.

360పీ పెట్టాక మౌనం తగ్గింది కానీ గొంతు ఇంకా అక్కడక్కడా గరగరమంటూనే ఉంది. ఇక్కడ చాలామంది మళ్లీ నెట్‌నే తిట్టుకుంటారు. నేను ‘అమ్మా, Ctrl, Shift, Esc కలిపి నొక్కు’ అన్నాను. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 97 శాతం. బ్లర్ ఆన్‌లో ఉంది. బ్లర్ నెట్‌ని తినదు. ఆ మాటకొస్తే మసకగా ఉన్న వెనకభాగాన్ని పంపడం కొంచెం సులువు కూడా. అది తినేది మీ ల్యాప్‌టాప్‌ని. ప్రతి ఫ్రేమ్‌లో మీ భుజం ఎక్కడ ముగుస్తుందో, గోడ ఎక్కడ మొదలవుతుందో వెతికి, విడదీసి, ఆ తర్వాతే వీడియోని పంపాలి. పాత ప్రాసెసర్ ఆ పనిలోనే అలసిపోతే గొంతుని సమయానికి సర్దలేదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తడం, మౌస్ బాణం ఆగి ఆగి కదలడం, అవతలివాళ్ల వీడియో కూడా ముక్కలవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే అనుమానించాల్సింది నెట్‌ని కాదు. బ్లర్ తీసేయగానే సీపీయూ 60కి దిగింది, గరగర పోయింది.

‘మరి వెనక బియ్యం బస్తాలు కనిపిస్తున్నాయి సార్’ అంది. ఆ బాధ నాకు తెలుసు. కానీ దానికి మందు ఎఫెక్ట్ కాదు, కుర్చీ జరుపుకోవడం. ఖాళీ గోడకి వీపు పెట్టి, కిటికీకి ఎదురుగా కూర్చోమన్నాను. ఇందులో అందం కంటే పెద్ద లాభం ఉంది. చీకట్లో చవక వెబ్‌క్యామ్ తీసే బొమ్మ నిండా కదిలే చుక్కలుంటాయి. ప్రతి ఫ్రేమ్‌లో అవి మారిపోతాయి కాబట్టి వాటిని కుదించి పంపడం కష్టం. ఉన్న కాస్త డేటా ఆ చుక్కలకే పోతుంది, మీ ముఖానికి మిగలదు. తగినంత వెలుగు ఉంటే అదే 360పీ ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. అలాగే ఫ్రేమ్‌లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్నా, పరదా ఊగుతున్నా ఆ కదలికంతా పంపాల్సిందే. ల్యాప్‌టాప్ మూతని కాస్త ముందుకి వంచితే ఫ్యాన్ ఫ్రేమ్‌లోంచి పోతుంది. ఫ్యాన్ ఆపేయమనను, ఎండాకాలం ఇంటర్వ్యూలు కదా!

ఇక మిగిలింది హాట్‌స్పాట్. ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టి, ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయించాను. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య వైఫై బెడద పోయింది, ఫోన్ ఛార్జ్ కూడా దిగలేదు. విండోస్‌లో ఆ కనెక్షన్‌కి Metered connection ఆన్ చేస్తే అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఫోన్‌లో ఫోటోల బ్యాకప్ మాత్రం విడిగా ఆపుకోవాలి. అది నడిచేది సరిగ్గా ఆ అప్‌లోడ్ దారిలోనే. ఇంకోటి, రెండు సిమ్‌లున్న చాలా ఫోన్లలో రెండో సిమ్‌కి కాల్ వచ్చి మాట్లాడితే మొదటి సిమ్ డేటా ఆగిపోతుంది. ఇంట్లో ఎవరో ఆ ఫోన్ ఎత్తారంటే మీ ఇంటర్వ్యూ ఆగినట్టే. ఆ గంటసేపు రెండో సిమ్‌ని సెట్టింగ్స్‌లో ఆపేయండి.

వీటన్నిటికీ ఒక హద్దుంది. అప్‌లోడ్ 150, 200 కేబీపీఎస్‌కి పడిపోయి అక్కడే ఊగుతుంటే, ఏ సెట్టింగూ వీడియోని కాపాడలేదు. అప్పుడు ఇంటర్వ్యూ మధ్యలో మెనూలు వెతుక్కోకుండా కెమెరా ఆపేయడమే దారి. అలా చేయడానికి విద్యార్థులు భయపడతారు, దాస్తున్నారనుకుంటారేమోనని. అందుకే మొదటి నిమిషంలోనే, కెమెరాలో మిమ్మల్ని చూస్తుండగానే చెప్పేయండి. ‘సార్, మా ఊళ్లో సిగ్నల్ కొంచెం తక్కువ. మాట తెగితే మీ అనుమతితో కెమెరా ఆపి కొనసాగిస్తాను’ అంటే చాలు. ఆహ్వానం మెయిల్‌లో ఫోన్‌తో చేరే నంబర్ ఉందో లేదో ముందురోజే చూసుకోండి. ఉంటే కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

ఇంత చెప్పాక, బల్లకి ఇవతల కూర్చునే నాలాంటివాళ్ల సంగతీ చెప్పాలి. ‘కెమెరా తప్పనిసరి’ అని మెయిల్‌లో రాయడం సులువే. మనిషి ఎవరో చూసి, గుర్తింపు కార్డు సరిచూశాక కూడా నలభై నిమిషాలు వీడియో ఆన్‌లోనే ఉంచాలనడంలో అర్థమేంటో నాకు ఇప్పటికీ తెలీదు. పరీక్ష రాయిస్తుంటే వేరే సంగతి. మాట్లాడించడానికే అయితే, వీడియో కోసం పట్టుబట్టడం అంటే మంచి నెట్ ఉన్న ఊళ్ల పిల్లలకి మార్కులు కలపడమే. ఇప్పుడు నేను ప్రతి ఇంటర్వ్యూకి ముందు ఒక నిమిషం తీసుకుని ‘ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు’ అంటాను. అంకెలు మింగేస్తుంటే కెమెరా ఆపమని నేనే చెప్తాను. అప్పటికీ తెగితే ఫోన్ చేస్తాను.

ఉట్నూరు అమ్మాయి అసలు ఇంటర్వ్యూ పోయిన వారం అయింది. మధ్యలో ఒకసారి వీడియో ఆగిందట, గొంతు మాత్రం ఆగలేదట. ఫలితం ఇంకా రాలేదు. డేటాబేస్‌ల మీద ఒక ప్రశ్నకి తప్పు జవాబు చెప్పానని దిగులు పడుతోంది.