ఉబ్బిన ప్యాకెట్టు

మొన్నొక సాయంకాలం విజయనగరం గంటస్తంభం దగ్గర పెరుగు కొట్టు నడుపుకునే ఆయన ఒక కాగితం పట్టుకుని మా యింటికి వచ్చాడు.

"మేష్టారూ, డెయిరీ వాళ్లకి ఉత్తరం రాసేను. తమరు తెలుగు చెప్పేవారు గదా, కాస్త ఘాటు పెంచి పెట్టండి" అన్నాడు.

చదివాను. ఘాటుకు లోటేమీ లేదు. 'మోసం', 'దగా' అనే మాటలు మూడేసి సార్లు ఉన్నాయి. ఎన్ని ప్యాకెట్లు చెడ్డాయి, ఏ రోజు వచ్చినవి, ఎక్కడ ఉంచినవి అన్నది మాత్రం ఒక్కసారయినా లేదు.

"అసలేమయిందో ముందు చెప్పవయ్యా" అన్నాను.

"ఏటవుతాదండీ? ప్యాకెట్లు బూరెల్లాగ ఉబ్బిపోనాయి. కోస్తే కల్లు కంపు. పక్కవీధి పంతులమ్మగారు 'ఇది పెరుగా, కల్లా?' అని నా ముందే పడేసి ఎల్లిపోనారు. పదేళ్ల ఖాతా అండి ఆవిడది."

పంతులమ్మగారు కోపంలో అన్నా సరిగానే అన్నారు. తాటికల్లును నురగెత్తించేదీ, ఆ ప్యాకెట్టును ఉబ్బించేదీ ఈస్టు అనే సూక్ష్మజీవుల జాతే. అది చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువునూ, కొద్దిగా సారానూ పుట్టిస్తుంది. కాకేసస్ కొండల్లో కెఫీర్ అనే పాల పానీయంలో ఈస్టు ఉండి తీరాలి. ఆ చురుకే దాని రుచి. మన పెరుగులో అదే దోషం. కుండలో తోడు పెట్టిన రోజుల్లో వాయువు పైకి పోయేది, ఎవరికీ తెలిసేది కాదు. మూతి అతికిన ప్యాకెట్టు దాన్ని దాచలేదు.

మరి తప్పెవరిది? పెరుగుకు వాడే పాలను డెయిరీలో 85, 90 డిగ్రీల దాకా కాస్తారు. ఆ వేడికి ఈస్టు బతకదు. కనుక అది చేరేది పాలు కాచి చల్లార్చిన తరువాతనే: తోడు ద్వారానో, ప్యాకెట్లు నింపే యంత్రం గొట్టంలో మిగిలిన పాల జిడ్డు ద్వారానో, ఆ గది గాలిలోనుంచో. మూతి చెదరని ప్యాకెట్టులోకి అది కొట్టులో చొరబడలేదు. కాని చేరిన నాలుగింటిని నాలుగు లక్షలు చేసేది వేడిమి. ఆ వేడిమి కొట్టులోనూ ఉండవచ్చు.

"సరుకు రాగానే ఫ్రిజ్జులో పెడతావా?" అని అడిగాను. ఆయన తల గోక్కున్నాడు.

"60 వచ్చేయండి. ఫ్రిజ్జులో 24 కే చోటుంది. మిగతా 36 మజ్జాన్నం దాకా ట్రేలోనే ఉన్నాయి."

"అది రాయలేదే?"

"అది రాస్తే తప్పు మనదే అంటారు గదండీ!"

"అది రాస్తేనే నీ మాట నిలుస్తుంది. ఫ్రిజ్జులో పెట్టినవి ఒక్కటీ ఉబ్బలేదా?"

"ఎందుకుబ్బలేదండీ, అవీ ఉబ్బేయి!"

"అంతకు ముందు వచ్చిన సరుకో?"

"అదీ ఇలాగే ఉంచేను. బయటవి పులిసేయి గాని, ఉబ్బలేదు."

ఇంకేం కావాలి? పులుపు వేడిమి చేసిన పని. ఉబ్బు ఆ ఒక్క బ్యాచిది. ఒక్క సంగతి వాసనతోనే తేల్చుకోవాలి. తోడులోని కొన్ని జీవులు కూడా కాస్త వాయువు పుట్టిస్తాయి. అప్పుడు ఉబ్బు ఉన్నా కల్లు వాసన ఉండదు. కుళ్లు కంపు కొడితే శుభ్రత లోపించి చేరిన వేరే జాతి జీవులని అనుమానించాలి. ఇక్కడ వచ్చింది కల్లు వాసనే.

ఇద్దరం కూర్చుని ఉత్తరం తిరగరాశాం:

"అయ్యా,

ఈ నెల 6వ తేదీ ఉదయం తమరు పంపిన అరకిలో పెరుగు ప్యాకెట్లు 60 అందినవి. బ్యాచి నంబరు కనిపించే ఫోటో జతపరిచాను. 24 వెంటనే 5 డిగ్రీల ఫ్రిజ్జులో పెట్టాను. చోటు చాలక 36 మధ్యాహ్నం వరకు బయట ఉన్నవి. అది నా లోపం. 9వ తేదీకి బయట ఉంచినవాటిలో అమ్మగా మిగిలిన 14లో 11, ఫ్రిజ్జులో మిగిలిన 12లో 5 ఉబ్బినవి. గడువు 12 వరకు ఉన్నది. విప్పిన రెండింటిలో కల్లు వాసన, నురుగు ఉన్నవి. ముందు బ్యాచిని ఇట్లే ఉంచినా ఉబ్బలేదు.

ఉబ్బిన నాలుగింటిని విప్పకుండా ఫ్రిజ్జులో ఉంచాను. తీసుకువెళ్లి ఈస్టు లెక్క చూడగోరుతున్నాను. గ్రాముకు నూరు మించరాదని ప్రమాణం. ఈ బ్యాచివి తమ వద్ద నమూనాకు ఉంచినవి ఉంటే అవీ చూడండి. ఫ్రిజ్జులో ఉబ్బినవాటికి బదులు సరుకు ఇప్పించండి. బయట ఉంచినవాటి నష్టం నేను భరిస్తాను."

చివరి వాక్యం దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. 11 ప్యాకెట్ల డబ్బు చిన్న కొట్టుకు తక్కువేమీ కాదు. చివరకు సంతకం పెట్టాడు.

నాలుగో రోజున డెయిరీ మనిషి మంచు పెట్టెతో వచ్చి ప్యాకెట్లు పట్టుకెళ్లాడట. వాళ్ల దగ్గర ఉంచుకున్న నమూనాలూ ఉబ్బాయని వారం తరువాత కబురు వచ్చింది; 5 కాదు, మొత్తం 16 కూ బదులు సరుకు పంపారు.

ఆ 16లో మొదటి ప్యాకెట్టు పంతులమ్మగారి యింటికి తనే పట్టుకెళ్లాడు. ఇప్పుడాయన ఫ్రిజ్జులో పట్టేంత సరుకే తెప్పిస్తున్నాడు.