‘మార్కెట్ జీతం’ అంటే ఏ మార్కెట్?

రాయచూరు జిల్లాలో ఎలక్ట్రీషియన్లను పెట్టుకునే తొమ్మిది సంస్థలున్నాయనుకుందాం. ఐదు బియ్యం మిల్లులు, జిన్నింగు మిల్లులు. నాలుగు పెద్ద ప్లాంట్లు. మిల్లులు నెలకు 16, 16, 17, 17, 18 వేలు ఇస్తాయి. పెద్దవి 24, 28, 30, 32 వేలు ఇస్తాయి. అంకెలు ఊహించినవే, లెక్క మాత్రం నిజం. తొమ్మిదింటినీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యన నిలిచేది, అంటే మధ్యగతం, 18 వేలు. మిల్లులను మాత్రమే తీసుకుంటే అది 17 వేలు, పెద్ద ప్లాంట్లనే తీసుకుంటే 29 వేలు. ఇప్పుడు 19 వేలిచ్చే యజమాని ‘మేం మార్కెట్ కంటే ఎక్కువే ఇస్తున్నాం’ అంటే అబద్ధం కాదు. అదే జీతం అందుకునే ఎలక్ట్రీషియన్ ‘మార్కెట్ కంటే పది వేలు తక్కువ’ అన్నా అబద్ధం కాదు. మధ్యగతానికి పైన, సమానంగా, కింద అనే మూడు విధానాల మీద చర్చంతా ఎవరితో పోల్చారన్నది తేలిన తర్వాతే మొదలుకావాలి. మన దగ్గర అది తేలకుండానే ముగుస్తోంది.

పోల్చాల్సింది పక్క మిల్లుతోనా, దూరపు ప్లాంటుతోనా అన్నది పనివాడు ఎక్కడిదాకా వెళ్లగలడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఐటీఐ చదివిన ఫిట్టర్‌కు శక్తినగర్ థర్మల్ కేంద్రం ఒక్కటే దారి కాదు. పక్క బళ్లారి జిల్లాలోని తోరణగల్లు ఉక్కు కర్మాగారం ఉంది, రైలెక్కితే హైదరాబాద్ ఉంది. మిల్లు గుమస్తాకు, ఇల్లూ పిల్లల బడీ ఇక్కడే ఉన్నవారికి, మార్కెట్ ఊరి పొలిమేర దాటదు. బస్తాకింత అని కూలి తీసుకునే హమాలీ నెల జీతాల సర్వేల్లో అసలు కనిపించడు. కాబట్టి ఒకే సంస్థ ఫిట్టర్‌కు ప్రాంతీయ మార్కెట్‌నూ గుమస్తాకు స్థానిక మార్కెట్‌నూ కొలబద్దగా పెట్టుకోవడం తప్పు కాదు. ఆ సంగతి ఇద్దరికీ చెప్పకపోవడమే తప్పు.

పోల్చడానికి తోటి సంస్థే లేకపోతే? లింగసుగూరు తాలూకాలోని హట్టి బంగారు గని అలాంటిదే. 1947లో నిజాం కాలంలో హైదరాబాద్ గోల్డ్ మైన్స్‌గా ఏర్పడిన ఈ కంపెనీ ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వానిది. కోలార్ గనులు 2001లో మూతపడ్డాక, భూగర్భంలో బంగారం తవ్వే కార్మికుడి జీతాన్ని పోల్చడానికి దీనికి సాటి వచ్చే గని దేశంలో దాదాపు లేకుండా పోయింది. ఉన్న ఒక్కటే మార్కెట్ అయితే అదిచ్చే జీతమే మధ్యగతం, కొలతకు అర్థం ఉండదు. ఈ చిక్కుకు మన పారిశ్రామిక న్యాయంలో పాత జవాబే ఉంది. వేతన వివాదాల్లో అదే పరిశ్రమను, అదే ప్రాంతాన్ని కలిపి చూడాలన్నది స్థిరపడిన సూత్రం. ఒక సంస్థ తన రంగంలో ఇప్పటికే అందరికంటే ఎక్కువ ఇస్తుంటే, అదే ప్రాంతంలో వీలైనంత పోలిక ఉన్న ఇతర రంగాల వేతనాలను చూడవచ్చని ఫ్రెంచ్ మోటార్ కార్ కంపెనీ కేసులో 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. ‘మా రంగంలో మేమే ఎక్కువ’ అన్న మాటతో బేరం ముగియదన్నమాట.

పోలిక సరిగ్గా కుదిరినా తేదీ దగ్గర జీతం జారిపోతుంది. జనవరిలో మధ్యగతం 18 వేలుంటే యజమానీ అంతే నిర్ణయించాడు. బయట జీతాలు ఏడాదికి 8 శాతం పెరుగుతుంటే డిసెంబరు చివరికి మధ్యగతం 19,440కి చేరుతుంది. కాగితం మీద ‘సమానం’ అన్న సంస్థ ఒక్క జనవరిలో తప్ప ఏడాదంతా వెనకబడే ఉంది. జూన్‌కల్లా మార్కెట్ ఎక్కడుంటుందో అంచనా వేసి జనవరిలోనే ఆ జీతం ఇస్తే మొదటి ఆరు నెలలు కొంచెం ముందు, తర్వాతి ఆరు నెలలు కొంచెం వెనక. ఏడాది మొత్తం మీద చూస్తే అదే నిజమైన సమానం. సర్వే అంకెలే ఏడాది పాతవైతే ఈ లోటు ఇంకా పెరుగుతుంది.

చిన్న మిల్లు పెద్ద ప్లాంటు జీతం ఎక్కణ్నుంచి తెస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే. తేనక్కర్లేదు కూడా. మధ్యగతానికి తక్కువిచ్చినా క్వార్టర్స్, వైద్యం, ఏడాది పొడుగునా పని దొరికే చోటు చాలామందికి గిట్టుబాటే. అయితే ఆ సౌకర్యాలకు విలువ కట్టి చూపించాలి. సీజన్ అయిపోగానే ఇంటికి పంపే మిల్లు ‘ఉద్యోగ భద్రత ఉంది కాబట్టి తక్కువ’ అనలేదు. తక్కువిచ్చే యజమాని ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. పని నేర్చిన ఫిట్టర్ మానేశాక, కోతల సీజన్‌లో మిల్లు ఒక్క రోజు ఆగినా పోయే డబ్బు అతనికి ఇవ్వకుండా నెలనెలా మిగిల్చుకున్న తేడాను మింగేయవచ్చు.

అందరూ మధ్యగతానికి పైన ఇస్తామంటే మధ్యగతమే పైకి పోతుంది కదా అనేవారూ ఉన్నారు. పై అధికారుల జీతాల్లో ఆ పరుగు నిజమే. కనీస వేతనం చుట్టూనే జీతాలు గుమిగూడిన చోట ఆ భయం పెట్టడం హాస్యాస్పదం. అక్కడ మధ్యగతం అంటే చట్టం విధించిన కనీసానికి ఇంకో పేరు మాత్రమే.

అన్నిటికంటే పెద్ద మోసం కాంట్రాక్టు కార్మికులను లెక్క నుంచి తప్పించడం. ‘మా సిబ్బంది సగటున మార్కెట్ కంటే ఎక్కువ’ అనే సంస్థ, అదే గేటులోంచి వచ్చి అదే పని చేసే కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌ను కలపకుండా ఆ మాట చెబితే అది జీతాల విధానం కాదు, ప్రకటన. ఈసారి వేతన ఒప్పందానికి కూర్చునే యూనియన్లు శాతం గురించి మాట్లాడేముందు, ఏ సంస్థలతో పోల్చారో, ఏ తేదీ అంకెలో, కాంట్రాక్టు వారిని కలిపారో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.