"ప్రతి ఆదివారం కొత్త వీడియో" అని రాయకండి బాబూ

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈమధ్య ప్రతి నలుగురిలో ఒకరికి యూట్యూబ్ ఛానెల్ ఉన్నట్టుంది. ఒకరు పైథాన్ చెప్తారు, ఇంకొకరు క్లౌడ్ సర్టిఫికేషన్లు, మరొకరు హెచ్1బీ కష్టాలు. అందులో చాలావరకు మంచి సరుకే. కానీ ఛానెల్ పేజీ తెరవగానే దానంతటదే మొదలయ్యే ట్రైలర్ పక్కన ఏం రాసుందో చూడండి. "ప్రతి ఆదివారం కొత్త వీడియో" అని ఉంటుంది. పక్కనున్న వీడియోల ట్యాబు నొక్కితే చివరి వీడియో ఐదు నెలల క్రితంది! కొత్తగా వచ్చినవాడికి ఈ ఛానెల్ గురించి తెలిసే మొదటి విషయం, ఇక్కడ చెప్పింది జరగదు అని.

ట్రైలర్ టైటిలూ డిస్క్రిప్షనూ రాయడం ఐదు నిమిషాల పని అని మనవాళ్ళ అభిప్రాయం. నా మటుకు నాకు ఆ ఛానెల్లో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సిన నాలుగు లైన్లు అవే అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ వీడియో ఎవరికి కనబడుతుందో చూద్దాం. స్టూడియోలో Customization లోకి వెళితే రెండు వేరువేరు గడులుంటాయి. ఒకటి ఇంకా సబ్‌స్క్రైబ్ చెయ్యనివాళ్ళకి చూపించే ట్రైలర్, రెండోది ఇప్పటికే చేసినవాళ్ళకి చూపించే వీడియో. అంటే ట్రైలర్ చూసేవాడు మిమ్మల్ని ఎరగడు. ఏదో ఎర్రర్ మెసేజ్ గూగుల్‌లో కొట్టి, మీ వీడియో ఒకటి చూసి, "పర్లేదే, ఈయన దగ్గర ఇంకేమున్నాయో చూద్దాం" అని వచ్చినవాడు. అతనికి కావలసింది మీ ప్రయాణం కథ కాదు. ఇక్కడ ఏం దొరుకుతుంది, నా స్థాయికి సరిపోతుందా, మళ్ళీ ఎప్పుడు వస్తే కొత్తది ఉంటుంది, అంతే. "వెల్‌కమ్ టు మై ఛానెల్" అన్న టైటిల్ ఈ మూడింట్లో ఒక్కదానికీ జవాబు కాదు. "అఫీషియల్ ట్రైలర్" అన్నమాట మరీ దండగ. అతను ఉన్నదే మీ ఛానెల్ పేజీలో, చూస్తున్నదే ట్రైలర్. అఫీషియల్ కాని ట్రైలర్ ఇంకెవరు తీస్తారు? :)

కంప్యూటర్లో ఆ పేజీ తెరిస్తే వీడియో పక్కన టైటిలు, దాని కింద ఎంతమంది చూశారు, ఎన్నాళ్ళ క్రితం పెట్టారు, ఆ కింద డిస్క్రిప్షన్లో మొదటి కొన్ని లైన్లు కనిపిస్తాయి. మిగతాది కావాలంటే నొక్కాలి, నొక్కేవాళ్ళు తక్కువ. కాబట్టి డిస్క్రిప్షన్‌కి 5000 అక్షరాల చోటున్నా మీకు నిజంగా ఉన్నవి మొదటి రెండు మూడు లైన్లే. అక్కడ ఇన్‌స్టాగ్రామ్ లింకూ, కెమెరా మోడలూ, ఓ పాతిక హ్యాష్‌ట్యాగులూ నింపేస్తే అసలు విషయం ఎవరూ చూడని చోట పడుతుంది. "3 ఏళ్ళ క్రితం" అన్న ముక్క మీరు దాచలేరు కూడా. డిస్క్రిప్షన్ ఎన్నిసార్లు మార్చినా వీడియో పెట్టిన తేదీ మారదు.

ఇక్కడే మనవాళ్ళకి ఇట్టే అర్థమయ్యే సంగతి ఒకటుంది. యూట్యూబులో ఒకసారి అప్‌లోడ్ చేసిన వీడియో ఫైలుని అదే లింకు మీద ఇంకో ఫైలుతో మార్చలేం. ఎడిటర్లో ఓ ముక్క కత్తిరించొచ్చు, కొత్త మాట చేర్చలేం. టైటిలూ డిస్క్రిప్షనూ మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అంటే వీడియోలో నోటితో "ప్రతి ఆదివారం కలుద్దాం" అనడం విలువని కోడ్‌లో హార్డ్‌కోడ్ చెయ్యడం, డిస్క్రిప్షన్లో రాయడం కాన్ఫిగ్ ఫైల్లో పెట్టడం. మారే అవకాశమున్నదాన్ని ఎక్కడ పెట్టాలో మనకి ఒకరు చెప్పాలా? వీడియోలో సబ్జెక్టు గురించి మాట్లాడండి, అది పెద్దగా మారదు. ఎన్ని రోజులకో వీడియో అన్నది రాతలోనే ఉంచండి.

మరి ఆ రాతలో ఏ అంకె వెయ్యాలి? మనవాళ్ళు తమకి ఏం చెయ్యాలనుందో అది వేస్తారు. నేనైతే ఇప్పటిదాకా ఏం చేశారో అది వెయ్యమంటాను. హైదరాబాదులో నాతో పనిచేసే మిత్రుడొకడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకోసం తెలుగులో ఎస్‌క్యూఎల్ చెప్తుంటాడు. అతని ట్రైలర్ టైటిల్ ఇది:

```
Welcome to my channel | Official Channel Trailer | Telugu
```

డిస్క్రిప్షన్లో మొదటి లైను "ప్రతి శనివారం కొత్త వీడియో, తప్పకుండా సబ్‌స్క్రైబ్ చెయ్యండి". ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర అతని చివరి 12 వీడియోల తేదీలు తీసి మధ్యలో ఎన్ని రోజుల ఎడం ఉందో లెక్కేశాం:

```
7, 7, 8, 14, 7, 21, 9, 7, 16, 10, 28
```

పదకొండు ఎడాల్లో వారం మాట నిలబడింది నాలుగుసార్లు. సగటు తీస్తే 12 రోజులు వస్తుంది, కానీ సగటు రాసినా ప్రమాదమే, ఎందుకంటే చూసేవాడు సగటుని చూడడు, 28 రోజుల ఖాళీని చూస్తాడు. (ఆ 28 రోజులు వాళ్ళ ప్రాజెక్టులో రిలీజు. దాని గురించి ఎక్కువ అడగలేదు లెండి, మొహం చూస్తేనే తెలిసింది.) నెలలవారీగా చూస్తే జనవరిలో 4, ఫిబ్రవరిలో 2, మార్చిలో 3, ఏప్రిల్లో 2 వచ్చాయి. అంటే ఏ పూర్తి నెలలోనూ రెండుకి తగ్గలేదు. అతను ధైర్యంగా రాయగలిగిన మాట అదే: నెలకు రెండు. వారం పేరు కూడా తీసేశాం, ఎందుకంటే ఆ పన్నెండులో శనివారం వచ్చినవాటికంటే మిగతా రోజుల్లో వచ్చినవే ఎక్కువ.

అతను వెంటనే ఒప్పుకోలేదు. "వారం అని రాస్తేనే కదరా నాకు భయముండేది, ఇలా రాస్తే బద్ధకం పెరుగుతుంది" అన్నాడు. ఈ వాదన చాలామంది దగ్గర విన్నాను. ఆ భయం కావాలంటే మీ ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి, గోడమీద అంటించుకోండి. మీ క్రమశిక్షణ కోసం ముక్కూమొహం తెలియనివాళ్ళకి తప్పుడు సమాచారం ఇవ్వడం ఏం న్యాయం? ఇంకో తేడా కూడా ఉంది. నెలకు రెండు అని రాసి మూడు పెడితే ఎవరూ నొచ్చుకోరు. వారానికొకటి అని రాసి నెలకు మూడు పెడితే, అవే మూడు వీడియోలు, కానీ ఒకటి ఎగ్గొట్టినట్టు లెక్క.

చివరికి టైటిల్ ఇలా మారింది:

```
తెలుగులో SQL: ఆఫీసు పనిలో వచ్చే ప్రశ్నలతో, నెలకు రెండు వీడియోలు
```

టైటిల్‌కి హద్దు 100 అక్షరాలు, ఇది 63. తెలుగులో ఈ లెక్క కంటికి కనిపించినట్టు ఉండదు. గుడింతాలూ ఒత్తులూ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, "స్త్రీ" అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో 6 అక్షరాలు. అందుకని ఇంగ్లీషు టైటిల్‌కి సరిపోయిన చోటు తెలుగు టైటిల్‌కి సరిపోకపోవచ్చు, ముఖ్యమైన మాట ముందుకి తెచ్చుకోవడం మంచిది. ఎన్ని వీడియోలన్నది టైటిల్లోకి ఎందుకు తెచ్చామంటే డిస్క్రిప్షన్ చదవనివాడికి కూడా టైటిల్ కనబడుతుంది కాబట్టి. కాకపోతే ఇలా నిలబడే అంకె అయితేనే టైటిల్లో పెట్టండి.

డిస్క్రిప్షన్ ఇది:

```
ఉద్యోగంలో చేరి రెండేళ్ళు దాటనివాళ్ళకి. ఒక్కో వీడియోలో ఒకే ప్రశ్న, 12-15 నిమిషాలు.
నెలకు రెండు వీడియోలు. ఫలానా రోజని లేదు.
ఇంటర్వ్యూ ప్రశ్నల జాబితాలు, లైవ్‌లు ఉండవు.
మొదటిసారి వచ్చినవాళ్ళు ఈ ప్లేలిస్టుతో మొదలుపెట్టండి:
```

కింద ప్లేలిస్ట్ లింకు. మూడో లైను మీద కాస్త గొడవయింది. ఉండవని చెప్పి జనాన్ని ఎందుకు పంపించెయ్యాలి అని అతని బాధ. కానీ ఇంటర్వ్యూ ప్రశ్నలకోసం వచ్చినవాడు నాలుగు వీడియోలు చూసి ఎలాగూ పోతాడు, పోతూ పోతూ ఓ మాట అని పోతాడు. ఆ లైను ఉంటే ముందే తెలుసుకుని ఇంకోచోట వెతుక్కుంటాడు. మిగిలినవాడు మాత్రం తనకి కావలసిన చోటుకే వచ్చానని తెలిసి మిగులుతాడు.

డిస్క్రిప్షన్లో "త్వరలో", "వచ్చే వారం నుంచి", "ఈ నెల విరామం" లాంటివి అసలు రాయొద్దు. రాసినరోజు మీకు తెలుసు, చదివేవాడికి తెలియదు. వాడు ఎనిమిది నెలల తర్వాత చదువుతాడు. విరామం చెప్పాల్సివస్తే తేదీ, ఏడాదితో సహా రాయండి, "ఫలానా తేదీ దాకా వీడియోలు లేవు" అని. ఆ తేదీ దాటాక మీరు తీసెయ్యడం మర్చిపోయినా అది అబద్ధం అవ్వదు, పాతబడుతుంది అంతే.

నిజంగానే రోజూ గంటా తప్పకుండా పెట్టేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు హాయిగా రాసుకోవచ్చు. కాకపోతే ఏ ఊరి గంటో కూడా రాయాలి. మన తెలుగు ఛానెళ్ళు చూసేవాళ్ళు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ కూడా ఉన్నారు. మనకి శనివారం ఉదయం 8 అంటే న్యూజెర్సీలో ఇంకా శుక్రవారం రాత్రి, చలికాలంలో తొమ్మిదిన్నర, ఎండాకాలంలో పదిన్నర. "శనివారం ఉదయం 8, భారత కాలమానం" అని రాస్తే ఆ గొడవ ఉండదు.

మార్చిన రాత పనిచేసిందా లేదా అన్నది ట్రైలర్‌కి వచ్చిన వ్యూస్ చూసి తేల్చకండి. ఛానెల్ పేజీలో అది దానంతటదే మొదలవుతుంది కాబట్టి ఆ అంకెలో అడగకుండా ఆడినవే బోలెడు. అనలిటిక్స్‌లో ఆ ఒక్క వీడియో తెరిచి, దానివల్ల ఎంతమంది సబ్‌స్క్రైబ్ చేశారో మార్చకముందు మూడు నెలలకీ తర్వాత మూడు నెలలకీ పోల్చండి. నెలకి పదిమంది కూడా రాని చిన్న ఛానెల్ అయితే ఆ పోలికా అంత నమ్మదగ్గది కాదు. అప్పుడు కామెంట్లలో "అన్నా, నెక్స్ట్ వీడియో ఎప్పుడు?" అన్న ప్రశ్న ఎన్నిసార్లు వస్తోందో చూస్తే చాలు. మూడు నెలలకోసారి ఆ ఎడాల లెక్క మళ్ళీ వేసి, అంకె మారితే టైటిల్ మార్చమని మిత్రుడికి చెప్పాను. నెలకు మూడు అని రాసుకునే రోజు వస్తుందంటాడు. ఆ ప్రాజెక్టులో వచ్చే రిలీజు ఎప్పుడో అడిగాను, జవాబు రాలేదు :)