చదవలేనిది ఖాళీగానే ఉండనీయండి



సంఘం పాత సభ్యత్వ రిజిస్టర్లను ఫోటోలు తీసి, ఏఐ చేత చదివించి, ఎక్సెల్‌లోకి ఎక్కించాలని అనుకుంటున్నాం. మంచి పనే. కానీ ఒక్క విషయంలో నాది గట్టి మాట. సిరా చెరిగిపోయిన చోట ఆ గడి ఖాళీగా రావాలి, ఊహతో నిండి రాకూడదు.

ఉదాహరణకు ఒక వరుస చూడండి. చేరిన సంవత్సరంలో 19 కనబడుతుంది, తర్వాత చెమ్మ మచ్చ, చివర 8. పైవరుసలోనూ కిందివరుసలోనూ 1978 అని ఉంది. ఏఐ చక్కగా 1978 అని రాసేస్తుంది. అసలు అది 1968 అయి, పాత సభ్యుడి పేరును తర్వాత కొత్త రిజిస్టరులోకి ఎత్తి రాసి ఉంటే? సీనియారిటీ చూసి సాయం ఇచ్చే రోజున ఆ కుటుంబానికి పదేళ్ళు పోతాయి. గడి ఖాళీగా ఉంటే కంటికి కనబడుతుంది, ఎవరో ఒకరు పాత రసీదు అడిగి నింపుతారు. తప్పు సంవత్సరం మాత్రం సరైనదానిలాగే కూర్చుంటుంది. దాన్ని ఎవరూ వెతకరు.

రైల్వేలో వ్యాగన్ నంబరుకు 11 అంకెలు. చివరి అంకె మిగతా పదింటినీ సరిచూడడానికే ఉంది. ఒక అంకె తప్పు రాస్తే లెక్క కుదరక పట్టుబడుతుంది. మన రిజిస్టరులోని సంవత్సరానికి అలాంటి కాపలా లేదు.

ఏఐ ఎందుకు ఊహిస్తుంది? చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఏది ఎక్కువ సంభవమో అది రాయడమే దాని పద్ధతి. పైగా ‘అన్ని గడులూ నింపు’ అని మనమే అడుగుతాం. ‘తెలియలేదు’ అని చెప్పే దారి మనం ఇవ్వాలి. ఇలా చెప్పవచ్చు:

```
కాగితం మీద ఉన్నదే రాయి. పక్క వరుసలు చూసి ఊహించకు.
ఒక్క అంకె స్పష్టంగా లేకపోయినా year: null
కనబడినంత seen లో రాయి, కనబడని చోట ? పెట్టు.
status: ok / blank / unreadable
```

పైవరుసకు అప్పుడు ఇలా రావాలి:

```
{"year": null, "seen": "19?8", "status": "unreadable"}
```

blank అంటే కాగితంలోనే ఏమీ రాయలేదని, unreadable అంటే రాసి ఉంది కానీ చదవలేమని. రెంటినీ కలపకూడదు. మొదటిదానికి ఇంటివాళ్ళను అడగాలి, రెండోదానికి ముందు మంచి వెలుతురులో మళ్ళీ ఫోటో తీయాలి.

‘ఎంత శాతం నమ్మకమో కూడా రాయి’ అంటే చాలదా అని కొందరు అంటారు. ఊహించిన గడికి కూడా అది 95 అని వేయగలదు. దానికంటే మనమే పరీక్ష పెడదాం. స్పష్టంగా ఉన్న 20 వరుసలు తీసుకుని, ఐదింటిలో ఒక అంకె మీద కాగితం ముక్క పెట్టి ఫోటో తీయండి. ఆ ఐదింటిలో year నిండి వస్తే అది ఊహే. మిగతా పదిహేనులో null వస్తే ఫోటో బాగా లేదు, లేదా మనం చెప్పింది మరీ బిగువైంది.

ఇంత చెప్పినా ఊహలు తగ్గుతాయే గాని పూర్తిగా పోవు. అందుకే సంవత్సరాన్నీ డబ్బునూ ఒక మనిషి కాగితంతో పోల్చి చూడాలి. ఖాళీలు ఎక్కువైతే పని పెరుగుతుందన్నది నిజమే. ఆ పని ఎక్కడుందో ఖాళీ గడే చూపిస్తుంది.